ఓనరు గారూ, రశీదులూ పాన్ నంబరూ కావాలి

ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో ప్రైవేటు ఉద్యోగులకు జీతాల విభాగం నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఏడాది మొదట్లో చెప్పుకున్న మినహాయింపులకు ప్రూఫులు ఫలానా తేదీలోగా పోర్టల్‌లో పెట్టండి, లేకపోతే మిగిలిన నెలల జీతంలోంచి పన్ను కోసేస్తాం అని దాని సారాంశం. బీమా ప్రీమియం రశీదు, పీపీఎఫ్ పాస్‌బుక్కు లాంటివి ఎవరివి వాళ్ల బీరువాలోనే ఉంటాయి. ఇంటద్దె అలవెన్సు సంగతి వేరు. దానికి ఇంకో మనిషి సంతకం, ఆ మనిషి పాన్ నంబరు కావాలి. ఆయన కింద వాటాలో ఉండొచ్చు, పక్క కాలనీలో ఉండొచ్చు, డల్లాస్‌లోనూ ఉండొచ్చు.

చాలామంది ఈ మాట ఓనరు చెవిన వేసేది గడువుకు రెండు రోజుల ముందు, అదీ వాట్సాప్‌లో, "అంకుల్, పాన్ నంబర్ ప్లీజ్" అని. అవతలి నుంచి రెండు నీలం టిక్కులు తప్ప ఏమీ రావు. పాన్ అనగానే ఓనరుకు గుర్తొచ్చేది పన్ను. రెండోది మోసం: తన నంబరుతో ఎవరు ఏం చేస్తారోనన్న భయం. ఈ రెండింటికీ జవాబు చెప్పని అడుగుడు పని చేయదు. అందుకే దీన్ని నోటిమాటగా కాకుండా ఉత్తరంగా, అదీ కాస్త ముందుగా అడగడం మేలు. ఆ ఉత్తరంలో ఏం ఉండాలో చూసేముందు అసలు ఎంత డబ్బు కోసం ఈ తిప్పలో తేల్చుకోవాలి.

అలవెన్సు మినహాయింపు 1961 ఆదాయపన్ను చట్టంలోని 10(13ఎ) సెక్షన్ ఇచ్చింది. లెక్క 2ఎ నిబంధనలో ఉంది. మూడు మొత్తాలు వేసి అన్నిటికన్నా తక్కువదాన్ని పన్ను నుంచి మినహాయిస్తారు. మొదటిది, కంపెనీ నిజంగా ఇచ్చిన అలవెన్సు. రెండోది, కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేయగా మిగిలింది. మూడోది, జీతంలో 40 శాతం. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలలో ఉండేవారికైతే 50 శాతం. ఇక్కడ జీతమంటే చేతికొచ్చే మొత్తం కాదు, మూలవేతనం. పదవీ విరమణ ప్రయోజనాల లెక్కలోకి వచ్చే కరువు భత్యం ఉంటే అది కూడా. 2025-26 వరకు ఈ లెక్కలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ 40 శాతం ఊళ్లే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగిని జీతం ఏడాదికి 18 లక్షలు. అందులో మూలవేతనం 9 లక్షలు, ఇంటద్దె అలవెన్సు 3 లక్షల 60 వేలు. ఫ్లాటు అద్దె నెలకు రూ.28,000, అంటే ఏడాదికి రూ.3,36,000. ఇందులోంచి మూలవేతనంలో పదో వంతు, అంటే 90 వేలు తీసేస్తే రూ.2,46,000. మిగతా రెండు మొత్తాలూ, అంటే అందిన అలవెన్సూ, మూలవేతనంలో 40 శాతమూ, రూ.3,60,000 చొప్పునే ఉన్నాయి. కాబట్టి మినహాయింపు రూ.2,46,000.

ఆమె 30 శాతం శ్లాబులో ఉంది. సెస్సుతో కలిపి 31.2 శాతం కనుక దాదాపు 77 వేలు మిగులుతాయని ఆఫీసు క్యాంటీన్‌లో లెక్క తేలుస్తారు. ఆ లెక్క తప్పు. ఇంటద్దె మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్టు. ఉద్యోగి ప్రత్యేకంగా కోరుకుంటేనే పాతది వర్తిస్తుంది. పైగా 2025-26కు కొత్త విధానంలో శ్లాబులు బాగా సడలించారు. 12 లక్షల 75 వేల లోపు జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు అక్కడ పన్నే లేదు. అలాంటివాళ్లు రశీదుల కోసం ఓనరు తలుపు తట్టనే అక్కర్లేదు.

18 లక్షల ఉద్యోగిని సంగతి వేరేగా ఉంది. ఆమెకు విజయవాడలో అప్పు తీసుకుని కొన్న ఇల్లు ఉంది, అందులో అమ్మానాన్న ఉంటున్నారు. ఆ అప్పు మీద వడ్డీకి 2 లక్షలు, 80సి కింద లక్షన్నర, జాతీయ పింఛను పథకానికి 50 వేలు, తనకూ వృద్ధులైన తల్లిదండ్రులకూ ఆరోగ్య బీమా 75 వేలు, స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు. ఇవన్నీ పాత విధానంలో తీసేసి, ఇంటద్దె మినహాయింపు కూడా కలిపితే పన్ను రూ.1,26,048 వస్తుంది. కొత్త విధానంలోకి వెళితే రూ.1,50,800. ఇంటద్దె రశీదులు లేకుండా పాత విధానంలోనే ఉండిపోతే రూ.2,02,800. రశీదులు దొరకకపోతే ఆమె ఎలాగూ కొత్త విధానానికి మారిపోతుంది కాబట్టి ఓనరు సంతకం అసలు విలువ రెండింటి తేడా: రూ.24,752. వృత్తి పన్ను లాంటి చిల్లర అంశాలను ఈ లెక్కలోకి తేలేదు.

నెల అద్దెకన్నా కాస్త తక్కువ. అడగదగ్గ డబ్బే, కానీ ఓనరుతో పోట్లాడి ఇల్లు ఖాళీ చేసేంత డబ్బు కాదు. ఉత్తరం స్వరం ఎలా ఉండాలో ఈ అంకెను చూస్తే అర్థమవుతుంది.

ఇక ఓనరు వైపు. ఈయన రిటైరైన మాస్టారు అనుకుందాం. పింఛను నెలకు 45 వేలు, బ్యాంకు డిపాజిట్ల మీద ఏడాదికి 60 వేల వడ్డీ. అద్దె అంతా తన ఆదాయంలో కలిసిపోయి పన్ను పడిపోతుందని ఆయన బెంగ. నిజానికి అద్దె మొత్తం లెక్కలోకి రాదు. ఆ ఏడాది తాను కట్టిన ఆస్తిపన్ను, మన ఉదాహరణలో 8 వేలు, ముందు తీసేస్తారు. మిగిలిన రూ.3,28,000లో 30 శాతం, అంటే రూ.98,400, మరమ్మతుల వంటి ఖర్చుల కింద చట్టమే తగ్గిస్తుంది. దీనికి బిల్లులు చూపక్కర్లేదు. పన్ను లెక్కలో చేరేది రూ.2,29,600 మాత్రమే. పింఛనులోంచి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలిన రూ.4,65,000, వడ్డీ 60 వేలు కలిపితే మాస్టారి మొత్తం ఆదాయం రూ.7,54,600 అయింది. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కనుక ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. రిటర్ను మాత్రం వేయాలి, ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి. అద్దె లేకపోయినా ఆయన ఆదాయం 4 లక్షలు దాటే ఉంది, అంటే ఆ పని ఎలాగూ తప్పదు.

ఎన్నో ఇళ్లలో ఓనరు, అద్దెదారు మధ్య మౌనంగా నలిగే ఈ గొడవ వెనక ఉన్నది ఇలాంటి సున్నాయే. ఆ సంగతి అద్దెదారుకూ తెలియదు, ఓనరుకూ తెలియదు. అందుకని ఉత్తరంతో పాటు ఓనరు లెక్క కూడా ఒక కాగితం మీద రాసి పెట్టడం మంచి ఎత్తుగడ. ఆయన పింఛను ఎంతో అద్దెదారుకు తెలియదు, తెలిసినా రాయడం మర్యాద కాదు. అద్దె భాగం వరకు, అంటే రూ.3,36,000 నుంచి రూ.2,29,600 దాకా, రాస్తే చాలు. మిగతాది ఆయన ఆడిటరు చూసుకుంటాడు.

ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన మాస్టారు గారికి,

నమస్కారం. మీ 302 ఫ్లాటులో మేము 2024 జూన్ నుంచి ఉంటున్న సంగతి మీకు తెలిసిందే. ఈ ఆర్థిక సంవత్సరంలో నెలకు రూ.28,000 చొప్పున అద్దె ప్రతి నెలా 5వ తేదీలోగా మీ బ్యాంకు ఖాతాకు పంపుతున్నాను. మెయింటెనెన్సు విడిగా అసోసియేషన్‌కు కడుతున్నాం.

ఇంటద్దె అలవెన్సు మీద పన్ను మినహాయింపు కోసం మా ఆఫీసువారు అద్దె రశీదులు, ఓనరు గారి పాన్ నంబరు జనవరి 10లోగా ఇవ్వమన్నారు. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే పాన్ ఇవ్వాలన్నది ఆదాయపన్ను శాఖ నిబంధన. ఏప్రిల్ నుంచి నవంబరు వరకు రశీదులు నేనే నింపి ఈ ఉత్తరంతో జత చేశాను. మీ ఖాతాలో పడిన తేదీలతో ఒకసారి సరిచూసి సంతకాలు చేయగలరు. పాన్ నంబరు, కార్డు మీద ఉన్నట్టుగా మీ పేరు రాసిస్తే చాలు, కార్డు జిరాక్సు అక్కర్లేదు.

నేను ఆఫీసులో చూపించేది ఏడాదికి రూ.3,36,000 మాత్రమే. మీ నంబరు ఇంకే పనికీ వాడను, ఇంకెవరికీ ఇవ్వను. ఫ్లాటు అమ్మగారి పేరు మీద ఉంటే ఆవిడ పాన్, ఆవిడ సంతకం కావాలి. అలా అయితే చెప్పండి, రశీదులు మార్చి రాసి తెస్తాను.

అద్దె మీద మీకు లెక్కలోకి వచ్చే ఆదాయం ఎంతో నాకు తెలిసినంతలో వేరే కాగితం మీద రాశాను. మీ ఆడిటరు గారికి చూపించగలరు. డిసెంబరు మొదటి ఆదివారం మీకు వీలైన వేళ వచ్చి తీసుకుంటాను.

ఇట్లు, మీ 302 ఫ్లాటు అద్దెదారు"

ఇందులో రెండు మూడు చోట్ల ఆగాలి. లక్ష దాటితే పాన్ అన్నది కంపెనీ సొంత షరతని చాలామంది ఓనర్లు అనుకుంటారు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2013 అక్టోబరులో ఇచ్చిన సర్క్యులర్‌తో ఈ లక్ష పరిమితి వచ్చింది. అంతకుముందు అది లక్షా 80 వేలు. 2016 జూన్ నుంచి ఉద్యోగి తన మినహాయింపుల వివరాలు 12బిబి అనే ఫారంలో కంపెనీకి ఇవ్వాలి. అందులో ఓనరు పేరు, చిరునామా, లక్ష దాటితే పాన్ రాయడానికి గడులు ఉంటాయి. ఓనరుకు అసలు పాన్ లేకపోతే, లేదని ఆయన పేరు, చిరునామాతో ఒక ధ్రువీకరణ రాసివ్వొచ్చు. పాన్ ఉండి ఇవ్వడం ఇష్టంలేనివాళ్లు వాడుకోవడానికి పెట్టిన వెసులుబాటు కాదిది.

అమ్మగారి పేరు అన్న వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. మన ఇళ్లలో ఫ్లాటు భార్య పేరు మీద రిజిస్టరై ఉంటుంది, అద్దె భర్త ఖాతాలోకి వెళుతుంది, రశీదు మీద సంతకం కొడుకు చేస్తాడు. కాగితాలు పరిశీలించేవాళ్లు ముందు పట్టుకునేది ఇదే: ఒప్పందంలో ఒక పేరు, రశీదులో ఇంకో పేరు, పాన్ మూడోవారిది. పాన్ పది అక్షరాల్లో నాలుగోది 'పి' అయితే అది వ్యక్తిది, 'హెచ్' అయితే హిందూ అవిభక్త కుటుంబానిది. రశీదు మీద ఒక మనిషి పేరు ఉండి పాన్‌లో 'హెచ్' కనిపిస్తే ఆ ఇల్లు ఎవరిదో అడగాల్సిందే.

మెయింటెనెన్సు మాటా అంతే. అసోసియేషన్‌కు కట్టేది అద్దె కాదు. రెండూ కలిపి ఓనరుకే కడుతున్నా, రశీదులో అద్దె ఎంతో విడిగా రాయించుకోవాలి.

రశీదు విషయానికొస్తే, అద్దెదారు పేరు, ఇంటి చిరునామా, ఏ నెలకు, ఎంత, ఎలా చెల్లించారు, ఓనరు పేరు, పాన్, సంతకం ఉంటే సరిపోతుంది. నగదుగా రూ.5,000 మించి తీసుకుంటే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయించాలి. బ్యాంకు ద్వారా పంపితే చాలా కంపెనీలు స్టాంపు అడగవు, స్టేట్‌మెంటు అడుగుతాయి. నగదు ఇవ్వడమే అలవాటైన ఇంట్లో ఈ ఒక్క కారణం చాలు, ఖాతాకు మారడానికి. అలవెన్సే నెలకు రూ.3,000 లోపు ఉన్నవారిని రశీదులు అడగరు, కానీ నేటి నగర జీతాల్లో అలాంటివాళ్లు అరుదు.

ఓనర్ల దగ్గర నుంచి వచ్చే బేరం ఒకటుంది, దాదాపు అన్ని కాలనీల్లో వినిపిస్తుంది: "రశీదు ఇస్తానమ్మా, కానీ నెలకు 8,300కే రాసిస్తాను." ఏడాదికి రూ.99,600 అవుతుంది, లక్ష దాటదు, పాన్ ఇవ్వక్కర్లేదు. చూడటానికి మధ్యేమార్గంలా ఉంటుంది. మన ఉద్యోగిని విషయంలో లెక్క వేస్తే రూ.99,600లోంచి 90 వేలు పోగా మినహాయింపు రూ.9,600. ఆ మాత్రానికి పాత విధానంలో ఉంటే ఆమె నష్టపోతుంది. పైగా ఖాతాలోంచి 28 వేలు వెళుతుంటే రశీదు మీద 8,300 అని ఉండటం రేపు ఎవరైనా అడిగితే ఇద్దరికీ జవాబు లేని ప్రశ్న. ఈ బేరానికి మర్యాదగా వద్దనడమే మంచిది.

పాన్ దుర్వినియోగం గురించి ఓనర్లు భయపడటంలో మాత్రం తప్పు లేదు. అద్దెకే లేనివాళ్లు ఎవరి పాన్ నంబరో రాసి మినహాయింపు తీసుకున్న ఉదంతాలు బయటపడ్డాయి. ఉద్యోగి చెల్లించానన్న అద్దెకూ అవతలి వ్యక్తి చూపిన అద్దె ఆదాయానికీ పొంతన లేని కొన్ని పెద్ద మొత్తాల కేసులను 2020-21 సమాచారంలో గుర్తించి హెచ్చరికలు పంపామని, పాత కేసులన్నీ తిరగదోడే ప్రత్యేక ప్రచారమేదీ లేదని పన్నుల బోర్డు 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. పాన్ ఇచ్చిన ఓనరు ఆదాయపన్ను పోర్టల్‌లో తన వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్, తెరిచి చూసుకోవచ్చు. కంపెనీలు చివరి త్రైమాసికంలో ఇచ్చే టీడీఎస్ రిటర్నులోని అద్దె వివరాలు అందులో కనిపిస్తాయి. ఉత్తరంలో "నేను చూపించేది రూ.3,36,000 మాత్రమే" అన్న వాక్యం ఉన్నది ఇందుకే. ఓనరు జూన్‌లో ఏఐఎస్ చూసినప్పుడు అదే అంకె ఉండాలి. వేరే అంకె ఉంటే అక్కడే అభ్యంతరం నమోదు చేయొచ్చు.

కొన్నిసార్లు ఓనరు పరాయివాడు కాదు, సొంత అమ్మే. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె కట్టి మినహాయింపు అడగడాన్ని చట్టం తప్పనదు, అద్దె నిజమైతే. 2017లో ముంబయి ఆదాయపన్ను అప్పీలు ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన ఒక కేసులో ఒక ఉద్యోగిని తల్లికి నగదుగా అద్దె ఇచ్చానని రశీదులు చూపింది. ఆ నగదు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బ్యాంకు ఆధారం లేదు, ఆ ఫ్లాటులో నిజంగా ఉన్నట్టు తేల్చే రుజువు లేదు. ట్రిబ్యునల్ మినహాయింపును తోసిపుచ్చింది. రశీదు ఒక్కటే రక్షణ కాదని, దాని వెనక డబ్బు కదలిక ఉండాలని ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. దొంగ రశీదు అని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు.

అన్నీ చెప్పాక కూడా ఓనరు ఇవ్వనంటే? ఆయనకు 20, 30 శాతం శ్లాబు ఆదాయం ఉంటే ఈ అద్దె మీద నిజంగానే పన్ను పడుతుంది, ఆయన విముఖతకు లెక్క ఉంది. పాన్ లాక్కునే మార్గం అద్దెదారుకు లేదు. కంపెనీ జీతంలోంచి పన్ను కోస్తుంది. అంతటితో దారి మూసుకుపోలేదు. అలవెన్సు మినహాయింపును ఉద్యోగి జులైలో తన రిటర్నులో నేరుగా అడిగి, ఎక్కువ కోసిన పన్ను వాపసు తీసుకోవచ్చు. ఇటీవలి రిటర్ను ఫారాల్లో అందిన అలవెన్సు, కట్టిన అద్దె, మూలవేతనం, పనిచేసే ఊరు విడివిడిగా అడుగుతున్నారు. ఒప్పందం, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర ఉంచుకుని ఆ గడులు నింపాలి. నోటీసు వస్తే అక్కరకొచ్చేవి అవే. పదకొండు నెలల ఒప్పందం ముగిసి ఏడాది దాటినా కొత్తది రాసుకోని ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఆ కాగితం తాజాగా ఉంచుకోవడం కూడా ఇందులో భాగమే.

అద్దె నెలకు 50 వేలు దాటితే కథ మారుతుంది. అప్పుడు అద్దెదారే 2 శాతం పన్ను కోసి 26క్యూసీ ఫారంతో కట్టాలి, దానికి ఓనరు పాన్ ఎలాగూ కావాలి. ఓనరు ప్రవాసి అయితే, అంటే హైదరాబాద్ ఫ్లాటు అద్దెకిచ్చి అమెరికాలో ఉంటే, 50 వేల పరిమితి కూడా లేదు. అద్దె ఎంతైనా 30 శాతం పైచిలుకు కోయాలి, అద్దెదారు ట్యాన్ అనే వేరే నంబరు తీసుకోవాలి. ఈ సంగతి తెలియక ప్రవాసి ఓనరు అన్నగారి చేత రశీదులు రాయించుకుని ఊరుకునేవాళ్లు చాలామంది. అలాంటి ఇంట్లో దిగేముందే ఆడిటరును కలవాలి.

ఈ సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 ఆదాయపన్ను చట్టం వచ్చింది కనుక 2026-27 ప్రూఫులు పెట్టేవారు ఫారాల పేర్లు, ఊళ్ల జాబితా ఆఫీసులో సరిచూసుకోవాలి.

ఏడాది మధ్యలో ఇల్లు మారేవారు ఇంకో పని మరచిపోకూడదు. ఆగస్టులో ఖాళీ చేసిన ఇంటి ఓనరు డిసెంబరులో ఫోన్ ఎత్తకపోవచ్చు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు రశీదులూ, పాన్ నంబరూ తాళం చెవులు అప్పగించి అడ్వాన్సు లెక్క చూసుకునే రోజునే తీసుకోవాలి.